ఎండకు టోపీ: కొలత, గుడ్డ, ఉతుకుడు

వార్షిక పరీక్షలు అయిపోయి, ట్రంకుపెట్టెలు బస్సు మీదికెక్కించి ఊరికి పోయే రోజులు మన దగ్గర సరిగ్గా ఎండలు ముదిరే రోజులే. ఇంటికి పోయినా నీడపట్టున కూర్చునే వాళ్లం మనలో తక్కువ. కరీంనగర్, జగిత్యాల వైపు యాసంగి వరి కోతలు, మామిడి కాయ తెంపుడు ఉంటాయి. ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు అడవిలో తునికాకు ఏరుడు ఉంటుంది. మే నెలలో 44, 45 డిగ్రీలు రామగుండం, మంచిర్యాల, నిర్మల్ వాళ్లకు కొత్త కాదు. ఇంత ఎండలో మన నెత్తి మీద ఉండేది ఏమిటంటే, అయితే ఒక క్రికెట్ క్యాపు, లేకపోతే ఏమీ ఉండదు. కొందరు ముచ్చటపడి మంచి టోపీ కొంటారు. అది ఒక్క ఉతుకుకే ముడుచుకుపోయి, రెండో నెలకు పెట్టె అడుగున పడి ఉంటుంది. ఈ హాస్టల్‌లో చదువుకుని పోయిన మేము కొందరం కలిసి, ఎండకు టోపీ ఎట్లా ఎంచుకోవాలి, నెత్తికి ఎట్లా కొలుచుకోవాలి, ఆకారం పోకుండా హాస్టల్ నల్లా కింద ఎట్లా ఉతకాలి అన్న సంగతులు ఇక్కడ రాస్తున్నాం.

మొదట ఒక చిన్న లెక్క చూద్దాం. కరీంనగర్‌లో మే రెండో వారంలో ఒక రోజు మధ్యాహ్నం 12 దాటిన పది నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిటారుగా పాతిన కర్రకు అప్పుడు నీడే కనపడదు. ఆదిలాబాద్ ఇంకా ఉత్తరంగా ఉంది కాబట్టి అక్కడ ఇది ఐదారు రోజులు ఆలస్యంగా జరుగుతుంది. ఆ సమయంలో టోపీ అంచు ఎంత వెడల్పుంటే అంత మేర భుజాల వరకు నీడ పడుతుంది. కానీ మధ్యాహ్నం మూడు దాటేసరికి సూర్యుడు సగానికి దిగుతాడు, అంటే 45 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. అప్పుడు 7 సెంటీమీటర్ల అంచు కిందికి కూడా దాదాపు 7 సెంటీమీటర్ల నీడనే ఇస్తుంది. నుదుటి నుంచి లెక్కపెడితే అది ముక్కు దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. గదవకు, మెడకు నీడ ఉండదు. ఉదయం తొమ్మిది గంటలకు కూడా ఇదే పరిస్థితి. అందుకే అంచు వెడల్పు అనేది సోకు కోసం కాదు. ఎండకు ప్రచారం బాగా చేసే ఆస్ట్రేలియాలో పెద్దవాళ్ల టోపీకి అంచు కనీసం 7.5 సెంటీమీటర్లు ఉండాలని, బకెట్ లాగా కిందికి వాలిన అంచు అయితే కనీసం 6 సెంటీమీటర్లు ఉండాలని చెబుతారు. మన ఎండకు అంతకంటే తక్కువ పనికిరాదు.

ఇక క్రికెట్ క్యాపు సంగతి. దాని ముందు రేకు నుదురును, కళ్లను, కొంత ముక్కును కాస్తుంది. చెవులు, చెంపల పక్కలు, మెడ వెనుక భాగం పూర్తిగా ఎండలోనే ఉంటాయి. వంగి కోత కోసేవానికి, ఆకు ఏరేవానికి ఎండ తగిలేది ప్రధానంగా మెడ వెనుకే కదా! పైగా చాలా క్యాపులకు వెనుక సగం జాలీ గుడ్డ ఉంటుంది. గాలి ఆడుతుంది, నిజమే, కానీ జాలీ రంధ్రాల్లోంచి ఎండ కూడా దిగుతుంది. క్యాపు తప్ప వేరేది లేకపోతే దాని కింద వెనుకవైపు ఒక రుమాలు మెడ మీదికి వేలాడేటట్టు పెట్టుకోవాలి. చూసేవాళ్లు నవ్వితే నవ్వనీయండి.

మన తాత, నాయనలు చుట్టే రుమాలు ఈ విషయంలో క్యాపు కంటే ఎన్నో రెట్లు మేలు. నాలుగైదు పొరల నూలు గుడ్డ నెత్తి మీద ఉంటే ఎండ లోపలికి దిగదు. తడిపి చుట్టుకుంటే నీళ్లు ఆవిరవుతూ నెత్తిని చల్లబరుస్తాయి. దానికి ఉన్న లోపం ఒక్కటే. ముఖానికి నీడ ఇవ్వదు. కాబట్టి పెద్ద అంచు టోపీ కింద పలచటి తడి రుమాలు వేసుకుంటే రెండింటి గుణమూ దక్కుతుంది. అట్లా వేసుకునే అలవాటుంటే టోపీ కొలత కూడా రుమాలుతోనే తీసుకోవాలన్నది గుర్తుంచుకోండి.

కొలత దగ్గరే చాలామంది మోసపోతారు. అంగడిలో ‘ఫ్రీ సైజు’ అంటారు, లేదా చిన్నది, నడిమిది, పెద్దది అని మూడు రకాలు చూపిస్తారు. ఒక దుకాణంలో నడిమిది మరో దుకాణంలో చిన్నదిగా ఉంటుంది. నమ్మవలసింది సెంటీమీటర్ల అంకెనే. దర్జీ టేపు తీసుకుని కనుబొమ్మలకు ఒక వేలు వెడల్పు పైన, చెవులకు కొంచెం పైన, వెనుక తల బాగా ఉబ్బెత్తుగా ఉండే చోటు మీదుగా చుట్టూ తిప్పి కొలవాలి. టేపు లేకపోతే దారంతో కొలిచి, ఆ దారాన్ని స్కేలు మీద పరచవచ్చు. పురికోస మాత్రం వద్దు, అది సాగుతుంది. టేపును బిగించి లాగకూడదు. మూడుసార్లు కొలిచి పెద్ద అంకెను తీసుకోవాలి. వచ్చిన అంకెకు ఒక సెంటీమీటరు కలిపితే గాలి ఆడేంత వదులు వస్తుంది. కొన్ని టోపీల మీద 7, ఏడుంబావు అని ఉంటుంది. అది చుట్టుకొలతను 3.14తో భాగించి అంగుళాల్లో వేసిన అంకె. ఏడు అంటే 22 అంగుళాల చుట్టుకొలత, అంటే దాదాపు 56 సెంటీమీటర్లు.

చెల్లెళ్లు రెండు జడలు వేసుకుంటే జడలు చెవుల కిందికి ఉండేటట్టు అల్లుకుని, నూనె పెట్టి దువ్వుకున్న తలతోనే కొలుచుకోవాలి. నెత్తి మీద కొప్పు పెట్టుకుంటే ఏ టోపీ అయినా పైకి లేచి ఎగిరిపోతుంది. గాలి ఎక్కువుండే చోట గదవ కింద కట్టుకునే తాడు ఉన్న టోపీ మంచిది. లేకపోతే రెండు పక్కలా నాడా కుట్టించుకోవచ్చు.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. పదో తరగతి చదివే ఒక తమ్ముడి తల చుట్టుకొలత 54.5 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక సెంటీమీటరు కలిపితే 55.5 అవుతుంది. దుకాణంలో 56 అని రాసి ఉన్న నూలు టోపీ పెట్టుకుని చూశాడు, సరిగ్గా సరిపోయింది, కొన్నాడు. అయితే ముందుగా కుదించని నూలు గుడ్డ మొదటి ఉతుకుకు నూటికి మూడు పాళ్ల దాకా ముడుచుకోవచ్చు. 56లో మూడు పాళ్లంటే 1.7 సెంటీమీటర్లు. అంటే ఉతికాక టోపీ 54.3 అయింది. తల 54.5 ఉంటే టోపీ 54.3! నుదుటి మీద ఎర్రటి గీత పడుతుంది, తలనొప్పి పుడుతుంది, టోపీ పెట్టెలోకి పోతుంది. అదే తమ్ముడు 57 కొని ఉంటే ఉతికాక 55.3 దగ్గర నిలిచేది. మరి 58 కొంటే? ఉతికాక 56.3 అవుతుంది, కొంచెం వదులు. దానికి మందు ఉంది. టోపీ లోపల చుట్టూ కుట్టిన చెమట పట్టీ ఉంటుంది కదా, నుదుటి దగ్గర ఆ పట్టీ వెనుక రెండు వేళ్ల వెడల్పు నూలు గుడ్డను మడిచి దూరిస్తే సరిపోతుంది. చిన్న తరగతుల పిల్లలకు మేము ఇదే చెబుతాం. ఒక సైజు పెద్దది కొని పట్టీ వెనుక గుడ్డ పెట్టుకోవాలి, వచ్చే ఏడు తల పెరిగాక ఆ గుడ్డ తీసేయాలి. పెద్దదాన్ని చిన్నది చేసుకోవచ్చు గానీ, చిన్నదాన్ని లాగి పెద్దది చేస్తే గుడ్డ నేత విచ్చుకుని ఎండ లోపలికి దూరుతుంది.

పాలిస్టర్ టోపీ ఉతుకుకు ముడుచుకోదు, కాబట్టి దాన్ని సరిగ్గా కొలతకే కొనవచ్చు. ముందే కుదించిన గుడ్డ అని చీటీ మీద ఉంటే నూలుకు కూడా అంతే.

గుడ్డను ఎట్లా పరీక్షించాలి? దుకాణం బయటికి తెచ్చి ఎండకేసి ఎత్తి పట్టుకుని లోపలి నుంచి చూడండి. సన్నటి వెలుగు చుక్కలు కనపడితే ఆ రంధ్రాల్లోంచి అతినీలలోహిత కిరణాలు కూడా వస్తాయి. చర్మాన్ని కాల్చేది ఈ కిరణాలే. ఇవి వేడిగా తగలవు కాబట్టి మబ్బు పట్టినప్పుడు కూడా మనకు తెలియకుండా పని చేస్తూనే ఉంటాయి. గుడ్డ బరువు కంటే నేత దగ్గరగా ఉండటం ముఖ్యం. యూనిఫాం ప్యాంటుకు వాడే ఏటవాలు గీతల డ్రిల్లు గుడ్డ, జీన్సు గుడ్డ ఈ పరీక్షలో నెగ్గుతాయి. పలచటి తెల్ల చొక్కా గుడ్డ ఓడిపోతుంది, తడిస్తే ఇంకా ఓడిపోతుంది. కొన్ని టోపీల చీటీ మీద యూపీఎఫ్ 50 అని ఉంటుంది. యాభై పాళ్ల కిరణాల్లో ఒక్క పాలే లోపలికి వస్తుందని దాని అర్థం.

రంగు విషయంలో ఒక చిక్కు ఉంది. ముదురు రంగు అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా ఆపుతుంది, కానీ వేడెక్కుతుంది. లేత రంగు చల్లగా ఉంటుంది, కానీ కిరణాలను తక్కువగా ఆపుతుంది. మా మాటగా చెప్పాలంటే దగ్గర నేత గుడ్డ దొరికితే పైన లేత రంగు, అంచు కింది వైపు ముదురు రంగు ఉన్నది తీసుకోండి. కింద ముదురు రంగు ఉంటే నేల మీద నుంచి ఎగిసే వెలుగు తిరిగి కళ్లలో కొట్టదు. పొలంలో నీళ్లు నిలిచిన చోట, గోదావరి ఇసుకలో ఇది బాగా తెలుస్తుంది. పక్కల రెండు మూడు గాలి రంధ్రాలుంటే చాలు. పాలిస్టర్ కిరణాలను బాగానే ఆపుతుంది, తొందరగా ఆరుతుంది. కానీ చెమట పీల్చదు. అందుకే పొద్దంతా పనికి మేము నూలు వైపే మొగ్గుతాం.

దుకాణంలో నచ్చింది దొరకకపోతే దర్జీ దగ్గరికి పోవడం ఉత్తమం. కొత్త గుడ్డ కూడా అక్కరలేదు. మోకాళ్ల దగ్గర చిరిగిన పాత డ్రిల్లు ప్యాంటు ఉంటే చాలు. ఇరవై ముప్పై సార్లు ఉతికిన గుడ్డ కాబట్టి అది ఇక ముడుచుకోదు. ఇదే దాని గొప్ప. తల 55 ఉన్నవారికి టోపీ లోపలి చుట్టుకొలత 56.5 అనుకుంటే, పై గుండ్రటి ముక్క అడ్డకొలత 56.5ను 3.14తో భాగిస్తే 18 సెంటీమీటర్లు వస్తుంది. దానికి చుట్టూ కుట్టుకు ఒక సెంటీమీటరు వదలాలి. పక్క పట్టీ ఎత్తు 9, అంచు వెడల్పు 7 పెట్టమని చెప్పండి. అంచును రెండు పొరలు వేసి, ఒకదాని పక్కన ఒకటిగా సెంటీమీటరుకు ఒక వరుస చొప్పున గుండ్రంగా కుట్లు వేయించాలి. ఈ కుట్ల వరుసలే అంచును వాలిపోకుండా పట్టి ఉంచుతాయి. దుకాణంలో కొనేటప్పుడు కూడా అంచు మీద కుట్ల వరుసలు లెక్కపెట్టండి. రెండే వరుసలుంటే అది నెలకు సోలిపోయే టోపీ.

ఇక ఉతుకుడు. హాస్టల్‌లో బట్టలుతికే పద్ధతి మనకు తెలిసిందే. రాత్రంతా సర్ఫులో నానబెట్టడం, పొద్దున బండ మీద బాదడం, మెలిపెట్టి పిండడం, తీగ మీద ఎండలో వేయడం. టోపీకి ఈ నాలుగూ శత్రువులే. క్యాపు ముందు భాగం నిలబడటానికి లోపల బుక్రం అనే గట్టి గుడ్డ ఉంటుంది. బాదితే అది విరుగుతుంది, మరిగే నీళ్లు పోస్తే దాని పట్టు వదులుతుంది. ముందు రేకు లోపల ఏముందో కూడా తెలుసుకోవాలి. వేలితో కొట్టి చూడండి, కొద్దిగా వంచి చూడండి. వంచి వదలగానే తిరిగి మామూలుగా అయితే లోపల ప్లాస్టిక్. మెత్తగా వంగి అట్లాగే మడత పడేటట్టుంటే లోపల అట్టముక్క. పాత క్యాపుల్లో, మరీ చవక క్యాపుల్లో అట్ట ఉంటుంది. అట్ట ఉన్నదాన్ని నీళ్లలో ముంచనే కూడదు. తడిగుడ్డతో తుడిచి, చెమట పట్టీని మాత్రం సబ్బు నురుగుతో రుద్దాలి.

నీళ్లలో వేయదగిన టోపీని ఇట్లా ఉతకాలి. ముందు పొడిగా ఉన్నప్పుడే దులిపి, పాత పళ్ల బ్రష్షుతో దుమ్ము తీసేయాలి. దుమ్ము మీద నీళ్లు పోస్తే బురదై నేతలోకి పోతుంది. తర్వాత లోపలి వైపు ఒక మూల తడిపి తెల్లగుడ్డతో అద్ది చూడాలి. రంగు అంటుకుంటే దాన్ని విడిగా, చల్లటి నీళ్లలోనే, నానబెట్టకుండా ఉతకాలి. రంగు దిగకపోతే బకెట్‌లో చేయి పెట్టగలిగేంత గోరువెచ్చటి నీళ్లు తీసుకుని ఒక చెంచా సర్ఫు కలిపి పదిహేను నిమిషాలు ఉంచితే చాలు. టోపీ మీద తెల్లగా మరకలు కడితే అవి చెమటలోని ఉప్పు, ఉత్త నీళ్లకే కరిగిపోతాయి. నుదుటి పట్టీ మీద పసుపు, నలుపు కలిసి జిగటగా కనపడేది తల నూనె. దానికి నీళ్లు చాలవు. తల వెంట్రుకల నూనె తీసే షాంపూయే దానికీ పని చేస్తుంది. చిన్న పొట్లంలో సగం పట్టీ మీద పోసి, బ్రష్షుతో ఒకే దిక్కుకు రుద్ది ఐదు నిమిషాలు వదిలేయండి. బ్లీచింగ్ పౌడర్ జోలికి పోవద్దు. రంగు పోవడమే కాదు, నూలు బలహీనపడుతుంది, వెనుక ఎలాస్టిక్ ఉంటే పాడవుతుంది.

సబ్బు పూర్తిగా పోయేదాకా రెండు మూడు నీళ్లలో జాడించాలి. మిగిలిన సబ్బు చెమటతో కలిసి నుదురు దురద పెడుతుంది. పిండకూడదు. పొడి తువ్వాల మధ్య పెట్టి అరచేతులతో అద్దితే నీళ్లు దిగిపోతాయి. ఇప్పుడే అసలు పని. గుడ్డ ఏ ఆకారంలో ఆరితే ఆ ఆకారంలోనే నిలుస్తుంది. తల సైజుకు దగ్గరగా ఉండే స్టీలు గిన్నెను బోర్లించి, మీద తువ్వాల చుట్టి, చుట్టుకొలత టేపుతో చూసుకుని, టోపీ దాని మీద తొడగాలి. గిన్నె మన కొలత కంటే పెద్దదైతే టోపీ సాగుతుంది, చిన్నదైతే ఇంకో చుట్టు తువ్వాల వేయాలి. అంచును వేళ్లతో చుట్టూ సవరించి, గాలి తగిలే నీడలో పెట్టాలి. ఎండలో పెడితే రంగు వెలుస్తుంది. తీగ మీద క్లిప్పు పెట్టి వేలాడదీస్తే తడి బరువుకు ఒకపక్క సాగిపోతుంది. పట్టీ బాగా ఆరకముందే పెట్టుకుంటే వాసన పడుతుంది. ఎండకాలంలో సాయంత్రం పెడితే పొద్దునకు ఆరుతుంది, వానకాలంలో రెండు రోజులు పట్టవచ్చు.

నూలు టోపీ అంచు సోలిపోతే మెస్‌లో పారబోసే గంజి ఉండనే ఉంది! పలచటి గంజిని ఉప్పు వేయకముందే తీసుకుని, గుడ్డలో వడగట్టి, అంతే నీళ్లు కలిపి, తడిగా ఉన్న అంచుకు మాత్రమే రెండు వైపులా చేతితో రాయాలి. నెత్తి భాగానికి రాస్తే గాలి ఆడదు. ముప్పాతిక ఆరాక పలచటి గుడ్డ పరిచి ఇస్త్రీ చేస్తే అంచు అట్టలా నిలబడుతుంది. అయితే గంజి పెట్టిన టోపీని నెలల తరబడి పెట్టెలో ఉంచితే వెండి చేపల్లాంటి పురుగులు కొరుకుతాయి. దాచేముందు గంజి కడిగేయడమే మంచిది. పాలిస్టర్‌కు గంజి పట్టదు, వేడి ఇస్త్రీ పెడితే కరుగుతుంది.

తాటాకు టోపీ సంగతి రెండు ముక్కల్లో చెబుతాం. నీడకు, గాలికి దానికి మించింది లేదు, కాని అల్లిక దగ్గరగా ఉన్నదే ఎంచుకోవాలి. ఉతకడం ఉండదు, తడిగుడ్డతో తుడవడమే. బాగా ఎండిపోయి ఆకు పెళుసెక్కినప్పుడు అంచు పట్టి ఎత్తితే విరుగుతుంది, కాబట్టి అప్పుడప్పుడు నీళ్లు చిలకరించి ఆకు మెత్తబడ్డాక సవరించుకోవాలి.

టోపీ ఎంత మంచిదైనా చుట్టూ ఉన్న వేడి గాలిని చల్లబరచదు. టోపీ ఉంది కదా అని మిట్టమధ్యాహ్నం దాకా పని చేస్తే వడదెబ్బ తప్పదు. తోటివాడు తడబడుతూ మాట్లాడినా, ఒళ్లు కాలిపోతూ తెలివి తప్పుతున్నా నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. తెలివి లేనివానికి నీళ్లు తాగించవద్దు. అట్లాగే బండి నడిపేటప్పుడు ఈ టోపీ హెల్మెట్‌కు బదులు కాదు.

హాస్టల్‌లో ఒకరి టోపీ ఇంకొకరు పెట్టుకోవడం మామూలైపోయింది. పేలు, తలకు పట్టే తామర ఇట్లాగే గది నుంచి గదికి పోతాయి. అందుకని చెమట పట్టీ లోపలి వైపు దారంతో మీ పేరు మొదటి అక్షరం కుట్టుకోండి, సిరాతో రాస్తే రెండు ఉతుకులకు పోతుంది. పెట్టెలో పెట్టేటప్పుడు నెత్తి భాగంలో మడిచిన తువ్వాలో, బనీన్లో నింపి, అంచు పైకి ఉండేటట్టు తలకిందులుగా, అన్నిటికంటే పైన పెట్టండి. పుస్తకాలు దాని కిందనే ఉండాలి.